ఎల్‌సీ డబ్బు చేతికొచ్చింది: కొయ్యలగూడెం దుప్పట్ల ఎగుమతిలో నా అనుభవం

నిన్ననే డబ్బు పడింది. కడుపుమంట మాత్రం చల్లారలేదు, అందుకే రాస్తున్న.

మాది కొయ్యలగూడెం. ఇక్కత్ దుప్పట్లు నేయిస్తం. ఎగుమతి చేసేటోళ్లకు సర్కారు ఇచ్చే కోడ్, ఐఈసీ, ఆన్‌లైన్‌లో 500 రూపాయలకే వచ్చింది. చేనేత ఎగుమతి మండలిలో సభ్యత్వం తీసుకున్నంక వాళ్ల ద్వారానే నెదర్లాండ్స్ కొనుగోలుదారు దొరికిండు. 1,000 దుప్పట్లు, ఒక్కోటి 11 డాలర్లు, ముంబై దగ్గరి రేవు పేరుతోని ఎఫ్‌ఓబీ నవాషేవా అని ప్రొఫార్మా, అంటే ముందస్తు ధరల బిల్లు పంపిన. ఎఫ్‌ఓబీ అంటే సరుకు ఓడ ఎక్కేదాకా ఖర్చంతా మనదే. సనత్‌నగర్ డిపో దాకా బండి కిరాయి, కస్టమ్స్, అక్కడి నుంచి రైలు, రేవులో ఎక్కింపు అన్నీ ధరలో కలపాలె. 30 శాతం అడ్వాన్సు, మిగిలిన 7,700 డాలర్లకు ఎల్‌సీ, అంటే కాగితాలు సరిగ్గ ఉంటే డబ్బు ఇస్తనని కొనుగోలుదారు బ్యాంకు రాసిచ్చే హామీ. ఇంత చిన్న మొత్తానికి బ్యాంకు చార్జీలు బరువే, కానీ కొత్త మనిషికి అప్పు మీద సరుకియ్యను.

అసలు కథ బ్యాంకులో. మార్చి 3న సరుకు సనత్‌నగర్‌లో అప్పజెప్పినం. సరుకు రవాణా చూసే ఫార్వర్డర్ బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడ రవాణా పత్రం ఇచ్చిండు. కాగితాలు తీసుకపోతే ఆఫీసర్ చూసి, నలుగురి ముందర బల్ల మీదికి విసిరేసిండు. "ఇది సరుకు ముట్టినట్టు రసీదు, ఓడెక్కినట్టు కాదు. గింత కూడ తెల్వకుండ ఎక్స్‌పోర్టా?" అన్నడు. ముప్పై ఏండ్లుగా మగ్గం మీద బతుకుతున్న మనిషితోని మాట్లాడే తీరా అది?

మాట తీరు తప్పే గాని, విషయం నిజం. ఎల్‌సీలో బ్యాంకు సరుకును చూడదు, కాగితాలనే చూస్తది. మన ఎల్‌సీ ఓడెక్కిన బిల్లు అడిగింది, ఆఖరు తేదీ మార్చి 20. సరుకు ముట్టినట్టు ఇచ్చిన బిల్లు మీద "ఆన్ బోర్డ్" అని తేదీతో ముద్ర పడితేనే చెల్లుతది, ఆ తేదీనే షిప్‌మెంట్ తేదీగా లెక్కిస్తరు. సరుకు నవాషేవా చేరి, మార్చి 16న ఓడెక్కింది. నేను ఫార్వర్డర్ ఆఫీసుల కూసొని ఆ ముద్ర వేయించుకొని వచ్చిన. రైలు ఇంకో ఐదు రోజులు ఆగి ఉంటే? గడువు దాటిన కాగితాలు తీసుకోవాల్నా వద్దా అన్నది కొనుగోలుదారు ఇష్టం. రేటు తగ్గించుమని అక్కడే మెడ వంచుతరు. ఎల్‌సీల వేరే లెక్క రాయకుంటే ఓడెక్కిన నాటి నుంచి 21 రోజుల్లోపు, ఎల్‌సీ గడువు దాటకుండ కాగితాలు పెట్టాలె, అదొకటి యాది ఉంచుకోండ్రి.

ఎఫ్‌ఓబీ రేవు పక్కన ఉన్నోళ్లకు. మన నల్గొండ దిక్కు నుంచి పోయే కంటైనర్ సరుకు హైదరాబాద్‌లనే మన చేయి దాటుతది, ఓడ ఎప్పుడు ఎక్కుతదో మన వశంల లేదు. అందుకే రెండో ఆర్డర్‌కు ఎఫ్‌సీఏ హైదరాబాద్ అని రాసిన, అంటే హైదరాబాద్‌ల రవాణావాళ్లకు సరుకు అప్పజెప్తే మన బాధ్యత తీరినట్టే. ఓడెక్కిన బిల్లు బదులు రైలు, ఓడ రెండింటికీ కలిపి ఇచ్చే మల్టీమోడల్ రవాణా పత్రం, సరుకు అప్పజెప్పిన తేదీతో చాలని ఎల్‌సీ తెరవకముందే ఒప్పించిన. ఎల్‌సీ ముసాయిదా నిన్ననే వచ్చింది, ఆ మాట అందులో ఉంది.