స్ప్రింగ్ పని లెక్కల్లో ఆ ½ ఎప్పుడు వాడాలి?

జేఈఈ మెయిన్‌కో ఈఏపీసెట్‌కో చదివే ఎవరికైనా ½kx² కంఠతా వచ్చే ఉంటుంది. ప్రశ్నలో స్ప్రింగ్ అన్న మాట కనబడగానే చెయ్యి ఆ సూత్రం రాసేస్తుంది. బలం F = ax + bx² అని ఇచ్చిన ప్రశ్నలో మార్కు పోయేది ఆ అలవాటు వల్లే. పని, శక్తి చాప్టర్‌లో నేను ఈ ఒక్క రకం మీద కాస్త ఎక్కువసేపు కూర్చున్నాను. నాకు పనికొచ్చిన పద్ధతి ఇది.

ముందు ఆ ½ ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. స్ప్రింగ్‌ని నెమ్మదిగా లాగుతుంటే, ప్రతి చోటా మనం పెట్టే బలం స్ప్రింగ్ వెనక్కి లాగే బలానికి సమానం. ఆ బలాన్ని సాగుదలతో గ్రాఫ్ గీస్తే, గీత కింది వైశాల్యమే మనం చేసిన పని. F = kx అయితే మూలబిందువు నుంచి సరళరేఖ వస్తుంది, దాని కింద త్రిభుజం ఏర్పడుతుంది. భూమి x, ఎత్తు kx, కాబట్టి వైశాల్యం ½kx². అంటే ఆ సగం త్రిభుజానిది. గీత వంగిన చోట త్రిభుజం ఉండదు, ఇంటిగ్రేషన్ చేయాల్సిందే.

ఒక లెక్క తీసుకుందాం. స్ప్రింగ్ సహజ పొడవు 20 సెం.మీ. బలం F = 100x + 600x², ఇందులో F న్యూటన్లలో, x మీటర్లలో. పొడవు 30 సెం.మీ. నుంచి 40 సెం.మీ.కి సాగదీయడానికి ఎంత పని కావాలి?

ఇక్కడ x అంటే పొడవు కాదు, సహజ పొడవు కంటే ఎంత సాగింది అన్నది. కాబట్టి లిమిట్స్ 0.3, 0.4 కావు; 0.1, 0.2. ఇంటిగ్రేట్ చేస్తే:

W = 50x² + 200x³

x = 0.1 దగ్గర ఇది 0.5 + 0.2 = 0.7 జౌల్స్. x = 0.2 దగ్గర 2 + 1.6 = 3.6 జౌల్స్. తేడా 2.9 జౌల్స్, అదే జవాబు. మామూలు స్ప్రింగ్‌లో రెండో 10 సెం.మీ.కి మొదటి దానికంటే సరిగ్గా 3 రెట్లు పని పడుతుంది. ఇక్కడ 4 రెట్లు దాటింది, ఎందుకంటే సాగేకొద్దీ ఈ స్ప్రింగ్ గట్టిపడుతోంది.

జవాబు వచ్చాక నేను ఒక చెక్ తప్పకుండా చేస్తాను, అర నిమిషం కూడా పట్టదు. 0.1 దగ్గర బలం 16 న్యూటన్లు, 0.2 దగ్గర 44. సగటు 30, దాన్ని 0.1 తో గుణిస్తే 3.0 జౌల్స్. ఇక మధ్యలో, అంటే 0.15 దగ్గర, బలం 28.5, దాంతో 2.85 జౌల్స్ వస్తుంది. ఈ గీత పైకి వంగుతుంది కాబట్టి చివరల సగటు అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది, మధ్య బలం తక్కువ చూపిస్తుంది. అసలు జవాబు ఈ రెంటి మధ్యే ఉండాలి, 2.9 అలాగే ఉంది. b రుణాత్మకమైతే గీత కిందికి వంగుతుంది, అప్పుడు ఎక్కువ తక్కువలు తారుమారవుతాయి.

ఆప్షన్లలో తప్పుడు జవాబులు ఎలా తయారవుతాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. లిమిట్స్ తీసివేసి (0.2 − 0.1) సూత్రంలో పెడితే 0.7 వస్తుంది. అది మొదటి 10 సెం.మీ.కి పట్టిన పని, రెండో దానికి కాదు. 3.0 కూడా ఆప్షన్‌గా ఉంటే సగటు బలం వాడినవాళ్లు దాన్నే టిక్ చేస్తారు.

ఇదే ప్రశ్న వేగం వైపు కూడా తిరుగుతుంది. నునుపైన బల్ల మీద ఈ స్ప్రింగ్‌ని 0.2 మీటర్లు సాగదీసి, చివర 200 గ్రాముల దిమ్మె కట్టి వదిలామనుకోండి. సహజ పొడవుకి వచ్చేసరికి 3.6 జౌల్స్ మొత్తం గతిశక్తి అవుతుంది. ½ × 0.2 × v² = 3.6, కాబట్టి v = 6 మీ/సె. ఈ ½ గతిశక్తి సూత్రంలోది, దీన్ని మాత్రం వదలకూడదు. గుర్తుల విషయం కూడా ఇక్కడే చూసుకోవాలి. సాగదీసేటప్పుడు మనం చేసే పని ధనాత్మకం, స్ప్రింగ్ చేసే పని రుణాత్మకం. ప్రశ్న ఎవరి పని అడిగిందో చదివాకే గుర్తు పెట్టండి.

అదే దిమ్మె అటువైపు వెళ్లి స్ప్రింగ్‌ని నొక్కితే ఎంత దూరం పోతుందని అడిగితే ఆగి చూడండి. x = −0.1 పెడితే F = −10 + 6 = −4 అవుతుంది. సాగినప్పుడు 16 న్యూటన్లు లాగిన స్ప్రింగ్, అంతే నొక్కితే 4 న్యూటన్లతోనే తోస్తోందని అర్థం. x² గుర్తు మారకపోవడమే కారణం. అందుకే ఇలాంటి సూత్రం సాధారణంగా సాగుదల వరకే వాడతారు. రెండు వైపులా ఒకేలా గట్టిపడే స్ప్రింగ్‌కి F = ax + bx³ ఇస్తారు, అప్పుడు పని ½ax² + ¼bx⁴.