ఆవకాయ సీసాకు యాడ్ బడ్జెట్: మార్జిన్ నుంచి లెక్క కట్టే తీరు (నా అనుభవం)

అమ్మకాల్లో ఎంత శాతం యాడ్స్‌కి పెట్టాలని అడిగితే మార్కెట్లో దొరికే జవాబులు రెండే. ఒకటి, అందరూ పెట్టే 5 శాతమో 10 శాతమో పెట్టెయ్యమనడం. రెండోది, పోటీవాళ్లు ఎంత పెడితే మనమూ అంత పెట్టాలనడం. రెండింటిలోనూ మన సరుకు గురించి ఒక్క అంకె కూడా లేదు. నేను బడ్జెట్ కట్టేది, లాభం అత్యధికంగా ఉండాలంటే యాడ్ ఖర్చు ఎంత ఉండాలో చెబుతూ 1954లో అర్థశాస్త్రవేత్తలు రాబర్ట్ డార్ఫ్‌మన్, పీటర్ స్టైనర్ ఇచ్చిన షరతు మీద. అది చూడ్డానికి చిన్నదే:

```
A / S = ea × (P − MC) / P
ధర కూడా సరిగ్గా ఉంటే: (P − MC) / P = 1 / ep
అప్పుడు: A / S = ea / ep
```

A యాడ్ ఖర్చు, S అమ్మకాల రాబడి, P ధర, MC ఇంకో సీసా అమ్మడానికి అయ్యే అదనపు ఖర్చు. యాడ్ ఖర్చు ఒక శాతం పెరిగితే అమ్ముడుపోయే సీసాలు ఎంత శాతం పెరుగుతాయో చెప్పేది ea. ధర ఒక శాతం పెరిగితే అవి ఎంత శాతం తగ్గుతాయో చెప్పేది ep, అంటే మన పాఠ్యపుస్తకాల్లోని డిమాండ్ వ్యాకోచత్వం. ఇక్కడ దాని మైనస్ గుర్తు వదిలేశాను.

సొంత వెబ్‌సైట్‌లో ఆవకాయ అమ్మే చిన్న బ్రాండును ఉదాహరణగా తీసుకుంటాను. పద్ధతి తేలిగ్గా కనబడాలని అంకెలు గుండ్రంగా పెట్టాను. జీఎస్టీ తీసేశాక అరకిలో సీసాకు చేతికొచ్చేది ₹300. నెలకు 2,000 సీసాలు, అంటే ₹6 లక్షల రాబడి. యాడ్స్‌కి ₹40,000 పోతోంది.

మొదట సీసా ఖర్చు తేల్చాలి. కాయ, నూనె, కారం, ఆవపిండి, ఉప్పు కలిపి ₹78. సీసా, మూత, లేబుల్, అట్టపెట్టెకు ₹30. కొరియర్ ₹62. పేమెంట్ గేట్‌వే ₹6. దారిలో పగిలేవి, వెనక్కొచ్చేవి సగటున సీసాకు ₹4. మొత్తం ₹180. గది అద్దె, నెలజీతాలు ఇందులో కలపకూడదు. ఇంకో సీసా అమ్మినంత మాత్రాన అవి పెరగవు కదా. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: అద్దెను కూడా సీసాల మీద పంచి ఖర్చు ₹220 అని రాసుకుంటారు, మార్జిన్ తక్కువగా కనబడుతుంది, చేయాల్సిన యాడ్స్ కూడా మానేస్తారు. యాడ్ బిల్లు మీద జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంటే ఆ జీఎస్టీని లెక్కలోకి తీసుకోకండి. రాకపోతే యాడ్ ఖర్చులో కలపండి.

ఇప్పుడు మార్జిన్. 300లో 180 పోగా 120. దాన్ని 300తో భాగిస్తే 40 శాతం. వ్యాపారంలో ఉన్నవాళ్లకు లాభాన్ని పెట్టుబడి మీద లెక్కేసే అలవాటు ఉంటుంది. ఆ లెక్కన 120ని 180తో భాగిస్తే 67 శాతం వస్తుంది. ఫార్ములాలో ఆ 67 వేస్తే యాడ్ బడ్జెట్ ఉండాల్సిన శాతానికి ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. భాగించాల్సింది అమ్మకం ధరతోనే.

అసలు కష్టం ea దగ్గర. యాడ్ ప్లాట్‌ఫామ్ డాష్‌బోర్డులో కనబడే ROAS, అంటే యాడ్ మీద పెట్టిన ఒక్కో రూపాయికి వచ్చిన అమ్మకం, దీనికి పనికిరాదు. మన బ్రాండు పేరే టైప్ చేసి వెతికి, దారిలో యాడ్ మీద నొక్కి కొన్నవాళ్లను కూడా అది తన ఖాతాలో రాసుకుంటుంది. వాళ్లు యాడ్ లేకపోయినా కొనేవాళ్లే. అందుకే నేను ప్రాంతాలవారీగా పరీక్ష పెడతాను. అమ్మకాల తీరు దగ్గరగా ఉన్న జిల్లాలను రెండు గుంపులు చేసి, ఒక గుంపులో యాడ్ ఖర్చు రెట్టింపు చేస్తాను, రెండో గుంపులో ఉన్నదున్నట్టే ఉంచుతాను. ఎనిమిది వారాలు నడుపుతాను. ఆర్డర్లను డెలివరీ పిన్‌కోడ్ చూసి లెక్కపెడతాను, డాష్‌బోర్డు చూసి కాదు.

పరీక్ష గుంపులో అంతకుముందు ఎనిమిది వారాల్లో 1,600 సీసాలు పోతే ఇప్పుడు 1,920 పోయాయనుకుందాం. పైకి చూస్తే 20 శాతం పెరుగుదల. కానీ యాడ్స్ మార్చని గుంపులో కూడా 2,000 కాస్తా 2,080 అయింది. ఆ 4 శాతం సీజన్‌ది, మనది కాదు. 1,920ని 1.04తో భాగిస్తే 1,846. దాన్ని 1,600తో పోలిస్తే 1.154 రెట్లు. ఖర్చు రెట్టింపైంది కాబట్టి, రెండు పెరుగుదలలకూ సహజ సంవర్గమానం ln తీసుకుని భాగిస్తే:

```
ea = ln(1.154) / ln(2) = 0.143 / 0.693 ≈ 0.2
```

ఖర్చు 20–25 శాతం మాత్రమే పెంచి పరీక్ష పెడితే సరిపోదా అంటారు. సరిపోదు. ea 0.2 ఉంటే 25 శాతం ఖర్చుకు సీసాలు నాలుగున్నర శాతమే పెరుగుతాయి. ఈ పరిమాణంలో అమ్మకాలు వాటంతటవే అంత ఊగుతాయి, ఏది యాడ్ వల్లో ఏది కాదో తెలియదు. రెట్టింపు చేసినా 0.2 అనేది ఖచ్చితం కాదు. అసలు విలువ 0.14 నుంచి 0.27 దాకా ఎక్కడైనా ఉండొచ్చని మనసులో పెట్టుకోవాలి. పరీక్ష మధ్యలో సరుకు అయిపోతే ఆ పరీక్ష మొత్తం పక్కన పెట్టెయ్యాలి. స్టాక్ లేని రోజుల్లో యాడ్ డబ్బు ఖర్చవుతూనే ఉంటుంది, సీసాలు మాత్రం కదలవు, ea ఉన్నదానికంటే తక్కువ వస్తుంది.

ఇక లెక్క. 0.2 × 0.40 = 0.08. అంటే అమ్మకాల్లో 8 శాతం. ప్రస్తుతం ఉన్నది 6.7 శాతం. కాబట్టి పెంచాలి. అలాగని 6 లక్షల మీద 8 శాతం కట్టి ₹48,000 దగ్గర ఆగకూడదు, ఎందుకంటే ఖర్చు పెరిగితే అమ్మకాలూ పెరుగుతాయి. రెండూ సర్దుకున్నాక తేలేది దాదాపు ₹50,000, నెలకు సుమారు 2,090 సీసాలు.

దీనివల్ల లాభం ఎంత పెరిగింది? ముందు 2,000 × 120 లోంచి 40,000 తీస్తే ₹2,00,000. ఇప్పుడు దాదాపు ₹2,01,000. వెయ్యి రూపాయలే! ఇది చూసి చాలామంది నిరుత్సాహపడతారు. నాకైతే ఈ పద్ధతిలో బాగా నచ్చే విషయం ఇదే. లాభం శిఖరం దగ్గర చదునుగా ఉంటుంది. ea నిజంగా 0.14 అయి ఉండి, మనం 0.2 అనుకుని ₹50,000 పెట్టేసినా పోయేది నెలకు సుమారు ₹3,000 మాత్రమే. అందుకే ea రెండో దశాంశం కోసం తలబద్దలు కొట్టుకోను. శిఖరానికి దూరంగా పోతే మాత్రం దెబ్బ తెలుస్తుంది.

ఎంత దూరమో చూద్దాం. ఉత్సాహంతో ₹1,00,000 పెట్టామనుకోండి. సీసాలు 2,400 అవుతాయి, రాబడి ₹7.2 లక్షలు. లక్షకు ఏడు లక్షల అమ్మకం అని ఎవరైనా సంబరపడతారు. చేతికి మిగిలేది మాత్రం ₹1,88,000, అంటే ముందున్నదానికంటే ₹12,000 తక్కువ. ఏడు రెట్లు అనేది మొత్తం మీద సగటు. చూడాల్సింది చివరి రూపాయి ఏం తెచ్చిందన్నది. దాని లెక్క ea × S / A. ₹40,000 దగ్గర చివరి రూపాయికి 3 రూపాయల అమ్మకం వచ్చింది, ₹50,000 దగ్గర రెండున్నర, లక్ష దగ్గర 1.44. ఆ 1.44లో మన మార్జిన్ 40 శాతం, అంటే 58 పైసలు. రూపాయి పెట్టి 58 పైసలు తెచ్చుకున్నట్టు.

మరి ఎక్కడ ఆగాలి? చివరి రూపాయి ఒక రూపాయి అమ్మకం తెచ్చే చోట కాదు. ఆ సరుకు తయారీకీ, కొరియర్‌కూ కూడా డబ్బు పోతుంది కదా. 40 శాతం మార్జిన్ ఉన్నప్పుడు రెండున్నర రూపాయల అమ్మకం తెచ్చే చోట ఆగాలి. ధర సరిగ్గా పెట్టి ఉంటే ఈ రెండున్నరే ep కూడా. యాడ్ లెక్కకీ ధర లెక్కకీ ఉన్న ముడి ఇదే.

ఆ ముడిని వాడే ముందు ధరను విడిగా పరీక్షించాలి. యాడ్ పరీక్ష నడిచే చోట, అదే సమయంలో ధర ముట్టుకోకూడదు. ₹300ను ₹320 చేసి, ఇందాకటిలాగే సీజన్ ప్రభావం తీసేశాక, సీసాలు 15 శాతం తగ్గాయంటే, ea లాగే ln తో లెక్కేస్తే ep దాదాపు 2.5. ఒకటిని 2.5తో భాగిస్తే 40 శాతం. మన మార్జిన్ కూడా అదే. ధర ఉండాల్సిన చోటే ఉంది. ea / ep కూడా అదే 8 శాతం చూపిస్తుంది.

ep 4 అని తేలితే? అప్పుడు ధరే తప్పు. ఉండాల్సిన మార్జిన్ 25 శాతం, ధర ₹240. చాలామంది ధర ₹300 దగ్గరే ఉంచి ea / ep లో 4 వేసి, 0.2 / 4 = 5 శాతం చాలని యాడ్స్ కోసేస్తారు. అది సరికాదు. ధర మార్చనంతకాలం ప్రతి అదనపు సీసా మీద ₹120 వస్తూనే ఉంది, కాబట్టి ఆ ధర దగ్గర సరైన యాడ్ శాతం 8 గానే ఉంటుంది. ధర దించాకే 5 శాతం. అందుకే నేను ఎప్పుడూ ea × మార్జిన్ రూపాన్నే ముందు వాడతాను. ధర సరైనదైనా కాకపోయినా అది నిలబడుతుంది. ep ఉన్న రూపం రెండు నిర్ణయాలూ కుదిరినప్పుడే చెల్లుతుంది.

ఇంకో చిక్కు కాలానికి సంబంధించింది. యాడ్ చూసిన ఫలం అంతా ఎనిమిది వారాల్లోనే రాదు. పాత పరిశోధనలెన్నిటినో కలిపి చూసి 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో యాడ్ వ్యాకోచత్వం, అంటే మన ea, సగటున స్వల్పకాలంలో 0.12, దీర్ఘకాలంలో 0.24గా తేలింది. పచ్చడి విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అరకిలో సీసా ఒక ఇంట్లో నెలల తరబడి వస్తుంది, రెండో కొనుగోలు అప్పటిదాకా జరగదు. పరీక్ష ఆపాక కూడా ఆ రెండు గుంపుల్ని ఇంకో ఎనిమిది వారాలు గమనిస్తాను. పరీక్ష జిల్లాల్లో అమ్మకాలు మెల్లగా దిగుతుంటే ఆ అదనపు సీసాలను కూడా యాడ్ ఖాతాలో వేస్తాను, ea పెరుగుతుంది. అలా కాకుండా రెండో గుంపు కంటే కిందికి పడిపోతే, వచ్చినవాళ్లు కొత్తవాళ్లు కాదన్నమాట: వచ్చే నెల కొనాల్సిన పాతవాళ్లే ముందుగా కొని పెట్టుకున్నారు. ఆ లోటును తీసెయ్యాలి.

అదే సీసాను ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో పెడితే లెక్క వేరు. 15 శాతం కమిషన్ అంటే ₹45. మిగతా ఖర్చులు అవే అనుకుంటే సీసాకు మిగిలేది ₹75, మార్జిన్ 25 శాతం. ea అక్కడా 0.2 అయితే యాడ్స్‌కి 5 శాతం దాటకూడదు. చివరి రూపాయి నాలుగు రూపాయల అమ్మకం తేవాలి. పక్కనే పది ఆవకాయలు ధరలతో సహా కనబడే చోట ep కూడా ఎక్కువే ఉంటుంది, కాబట్టి కమిషన్‌ను ధర పెంచి రాబట్టుకోవడం కష్టం. రెండు చోట్లకీ కలిపి ఒకే శాతం పెట్టేవాళ్ల బడ్జెట్ సొంత సైట్‌లో చాలక, మార్కెట్‌ప్లేస్‌లో ఎక్కువై కనబడుతుంది. రెండు ఖాతాలుగా విడగొట్టి, కొరియర్ రేటో నూనె ధరో మారిన ప్రతిసారీ మార్జిన్ తిరిగి కడతాను. ea పరీక్షను మాత్రం ఏడాదికోసారి, కొత్త ఆవకాయ హడావిడి లేని నెలల్లో మళ్లీ పెడతాను.