వదిన పంపిన ఫొటో

పొద్దున్నే వదిన ఒక ఫొటో పంపింది. గ్యాస్ స్టవ్ మంట, కింద నీలం, కొసల్లో పసుపు. అంతే. ఏమైంది, ఏం చేయాలి అన్న ఒక్క మాట కూడా లేదు. స్టవ్‌లు బాగుచేసే పనిలో ఉన్నాను కాబట్టి చూడగానే అర్థమైపోతుందని ఆవిడ నమ్మకం. నాకు వచ్చే ఫొటోలు చాలావరకు ఇలాగే ఉంటాయి. "బర్నర్ శుభ్రం చేయండి" అని రాసేసి నా పనిలో పడొచ్చు. కానీ మంట అలా ఎందుకుందో చెప్పేలోపు కూడా అది వెలుగుతూనే ఉంటుంది కదా. అందుకే వెంటనే ఫోన్ చేశాను.

"వదినా, ముందు స్టవ్ ఆపేయండి. వంటింట్లో కిటికీ తీసి ఉందా?"

మూసే ఉందట, చలిగా ఉందని. తీయమన్నాను. గ్యాస్ వాసన వస్తోందా అని అడిగితే లేదంది. వస్తోందని ఉంటే మాట వేరేలా సాగేది: లైటు, ఫ్యాను స్విచ్‌లు ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చేసి, ఫోన్ కూడా బయటి నుంచే చేయాలి. వాసన లేదంటే చాలామంది హమ్మయ్య అనుకుంటారు. గ్యాస్‌లో వాసన కావాలని కలుపుతారు, లీకు తెలియడానికి. సరిగా కాలని మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి మాత్రం రంగూ లేదు, వాసనా లేదు.

అందుకే తర్వాతి ప్రశ్న స్టవ్ గురించి కాదు. "ఎవరికైనా తలనొప్పిగా, వికారంగా ఉందా?"

ఆవిడ కాస్త ఆగి, "నాకే తల బరువుగా ఉంది. రాత్రి నిద్ర లేదుగా, అందుకనుకున్నా" అంది. వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మీటర్ ఇంట్లో ఉందట, అది 98 చూపిస్తోందని నాకే ధైర్యం చెప్పింది. ఈ విషయంలో ఆ మీటర్‌ని నమ్మకూడదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ అంటుకుందా, కార్బన్ మోనాక్సైడ్ అంటుకుందా అనేది మామూలు మీటర్‌కి తేడా తెలియదు. రెండింటినీ కలిపి మంచి అంకెనే చూపిస్తుంది. అసలు సంగతి ఆసుపత్రిలో చేసే రక్తపరీక్షలోనే తేలుతుంది. పిల్లల్ని తీసుకుని బయట కూర్చోండి, తగ్గకపోయినా, ఇంకెవరికైనా అలా అనిపించినా ఆసుపత్రికి వెళ్లి స్టవ్ సంగతి తప్పకుండా చెప్పండి అన్నాను. బయటికి వెళ్లాక కాసేపటికి తల తేలికైందంది. నిద్రలేమి వల్లో, కార్బన్ మోనాక్సైడ్ వల్లో నేను చెప్పలేను. బయటికి వస్తే తగ్గడం, లోపలికెళ్తే మళ్లీ రావడం మాత్రం అనుమానించాల్సిన గుర్తే. ఒకసారి డాక్టర్‌కి చూపించుకోమన్నాను.

ఇక స్టవ్. కొసలు పసుపెక్కాయంటే గ్యాస్‌కి సరిపడా గాలి కలవడం లేదన్నమాట. పూర్తిగా కాలని మసి రేణువులు వేడికి మెరవడమే ఆ పసుపు. కానీ ఫొటోలో రంగుని గట్టిగా నమ్మలేం, కెమెరా తన ఇష్టానికి మార్చేస్తుంది. అందుకే గిన్నెల అడుగులు చూడమన్నాను. కొత్తగా మసి పట్టిందట. అది కెమెరా మాయ కాదు.

"ఒక్క బర్నరేనా, అన్నీ అలాగే ఉన్నాయా?" అన్నీ అలాగే ఉంటే గ్యాస్ ఒత్తిడినో, రెగ్యులేటర్‌నో, గదిలో గాలినో అనుమానించాలి. అప్పుడు మనిషి వచ్చి చూడాల్సిందే. వదిన చెప్పింది చిన్న బర్నర్ ఒక్కటే. అంటే లోపం ఆ బర్నర్‌లోనే ఉంది.

ఈలోగా అన్నయ్య సూది తీసుకుని, బర్నర్‌లోకి గ్యాస్ వదిలే జెట్‌ని పొడవబోతున్నాడని తెలిసి గట్టిగానే అరిచాను. జెట్ ఇత్తడిది, దాని రంధ్రం ఇంతే ఉండాలని లెక్క. సూదికి అది కాస్త పెద్దదైనా గ్యాస్ ఎక్కువ వస్తుంది, గాలి చాలదు, పసుపు ఇంకా పెరుగుతుంది. గ్యాస్ మెయిన్ ఆపి, బర్నర్ చల్లారాక మూత తీసి చూడమన్నాను. గాలి లోపలికి వెళ్లే చోట దుమ్ము, నూనె కలిసి ముద్దలా పేరుకుందట. పొడి బ్రష్‌తో దులిపించాను. మూత కడిగి, పూర్తిగా ఆరాకే, గాడిలో సరిగ్గా కూర్చోబెట్టమన్నాను. తడి మూత మీద మంట ఎలాగూ సరిగా రాదు.

సాయంత్రం కిటికీ తీసిపెట్టి వెలిగించి ఇంకో ఫొటో పంపింది, మళ్లీ మాట లేకుండా. నీలంగానే ఉంది. ఒక గిన్నె అడుగు తోమి పొయ్యి మీద పెట్టండి, రేపు ఆ అడుగు చూసి చెప్పండి, మసి కనిపిస్తే నేను వచ్చేదాకా ఆ బర్నర్ ముట్టుకోవద్దు అని రాశాను. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనమని అన్నయ్యకి విడిగా మెసేజ్ పెట్టాను. చూశాడు, ఇంకా జవాబు లేదు.