గదవ మీది వెంట్రుకలు
హన్మకొండలో పెళ్లికి పోతే మా మేనత్త నా గదవ పట్టుకుని "ఏందే, గడ్డం వస్తున్నదా?" అన్నది, అందరి ముంగట.

నాకు పీసీఓఎస్, అంటే ఒంట్ల మగ హార్మోన్లు ఎక్కువై నెలసరి తప్పుడు, మొహం మీద వెంట్రుకలు వచ్చుడు. నెలసరి తప్పుతుంటే గైనిక్ డాక్టరమ్మకు చూపించుకున్న. టెస్టోస్టెరాన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు రాసింది. గోలీలు మొదలుపెట్టినంక ఆరు నెలల దాకా తేడా కనబడదని ముందే చెప్పింది. ఉన్న వెంట్రుకను గోలీ రాల్చదు, కొత్తగా వచ్చేదాన్ని సన్నగా చేస్తది. రెండో నెలకే మానేసేటోళ్లు ఈ సంగతి తెల్వకనే మానేస్తరు. ఈ గోలీల్లో మగ హార్మోన్ పనిని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ వాడేటప్పుడు మాత్రం గర్భం రాకుండ చూసుకోవాలె.

అందాక రేజర్ వాడుతున్న. గీస్తే దట్టంగ వస్తదన్నది ఉత్త ముచ్చట. కొస మొద్దుగ తెగుతది గనుక గరుకుగ తగుల్తది, అంతే. గొంతు బొంగురుపోయి, కొద్ది నెలల్లోనే వెంట్రుకలు ఒక్కసారిగ పెరిగితే మాత్రం ఆగొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలె.