మూడు చీటీలు, ఇరవై ఏడు దారులు: షఫుల్ ప్రశ్నలో నేను తప్పిన చోటు

గేట్ కంప్యూటర్ సైన్స్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు, ఒకే ఒక్క ప్రశ్న గురించి వివరంగా రాయాలని ఈ అనుభవం పంచుకుంటున్నాను. తిరుపతి బాలాజీ కాలనీలో ముగ్గురం ఒక గదిలో ఉండి చదువుకుంటున్న రోజుల్లో, ఒక టెస్ట్ సిరీస్‌లో కింది కోడ్ ఇచ్చి, ఇది జాబితాలోని అన్ని వరుసలనూ సమాన సంభావ్యతతో ఇస్తుందా అని అడిగారు. ఇస్తుందని గుర్తించి మార్కులు పోగొట్టుకున్నాను.

```python
for i in range(n):
    j = random.randrange(n)
    a[i], a[j] = a[j], a[i]
```

ప్రతి స్థానానికీ ఒక వంతు వస్తోంది, ప్రతిసారీ n స్థానాల్లో ఏదైనా సమానంగా ఎంపికవుతోంది, కాబట్టి ఫలితం కూడా సమానంగానే ఉంటుందన్నది నా తర్కం. జవాబు తప్పని తెలిశాక కూడా నమ్మకం కుదరక, n = 3 తీసుకుని ప్రోగ్రామ్‌ను 6 లక్షల సార్లు నడిపి, మొదటి ముక్క చివరికి ఏ స్థానంలో పడుతోందో లెక్కపెట్టాను. మూడు స్థానాల్లోనూ దాదాపు 2 లక్షల చొప్పున వచ్చాయి. కీ ఇచ్చినవాళ్లదే పొరపాటని రెండు రోజులు గట్టిగా వాదించాను.

మా గదిలోని చంద్రగిరి మిత్రుడు ఆ వాదన విని, నోట్‌బుక్ అట్ట చింపి మూడు చీటీలు చేసి, వాటిమీద క, గ, చ అని రాసి బల్లమీద పెట్టాడు. “ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టినావు సరే, అవి చేరే ఊర్లెన్నో లెక్కపెట్టినావా అన్నా?” అన్నాడు. ఆ మాటలోనే సమాధానమంతా ఉంది. మూడు మెట్లలో ప్రతి మెట్టులోనూ మూడు ఎంపికలు ఉన్నాయి కాబట్టి మొత్తం 3 × 3 × 3 = 27 దారులు, అన్నీ సమాన సంభావ్యత గలవే. కానీ మూడు చీటీలకు సాధ్యమైన వరుసలు 6 మాత్రమే. 27ను 6 సమాన భాగాలుగా పంచడం కుదరదు కనుక, ఏదో ఒక వరుసకు ఎక్కువ దారులు, మరొకదానికి తక్కువ దారులు చేరక తప్పదు. ప్రోగ్రామ్ నడపకుండానే ఇంతవరకు చెప్పవచ్చు.

ఎక్కువ ఎవరికి చేరుతుందో తెలియాలంటే మాత్రం చీటీలు కదపాలి. కగచ నుంచి మొదలుపెడితే, మొదటి మెట్టు తర్వాత కగచ, గకచ, చగక ఒక్కొక్కసారి వస్తాయి. రెండో మెట్టులో మధ్య చీటీని మూడు స్థానాలతోనూ మార్చి చూస్తే తొమ్మిది ఫలితాలు వస్తాయి. వాటిలో కగచ, గకచ, గచక రెండేసి సార్లు, మిగిలిన మూడూ ఒక్కొక్కసారే కనిపిస్తాయి. అంటే అసమానత ఇక్కడే పుట్టింది. మూడో మెట్టు దాన్ని కొంత సర్దుతుంది కానీ పూర్తిగా చెరపలేదు. చివరికి కచగ, గకచ, గచక వరుసలకు ఐదేసి దారులు, కగచ, చకగ, చగక వరుసలకు నాలుగేసి దారులు చేరాయి. ఈ చెట్టును దయచేసి ఒక్కసారైనా మీ చేత్తో కాగితంమీద గీయండి, పావుగంట పడుతుంది.

మరి నా 6 లక్షల పరీక్ష ఎందుకు మోసగించింది? నేను క ఒక్కదాన్నే చూశాను. పై లెక్క ప్రకారం క మొదటి స్థానంలో 4 + 5 = 9, మధ్యలో 5 + 4 = 9, చివర 5 + 4 = 9 దారుల్లో పడుతుంది. మొదటి మెట్టులోనే క మూడు స్థానాలకూ సమానంగా చెదురుతుంది, ఆ తర్వాతి మార్పిడులు ఆ సమానత్వాన్ని చెడగొట్టవు. అదే గను చూసి ఉంటే మొదటి స్థానంలో 10, మధ్యలో 8, చివర 9 వచ్చేవి, తప్పు వెంటనే బయటపడేది. కాబట్టి షఫుల్‌ను పరీక్షించేటప్పుడు ఏదో ఒక ముక్కను కాకుండా మొత్తం వరుసలను లెక్కించాలి. 6 లక్షల పరుగుల్లో ప్రతి వరుసా లక్షకు దగ్గరగా రావాలి, సహజమైన హెచ్చుతగ్గుల ప్రామాణిక విచలనం సుమారు 290 మాత్రమే. పై కోడ్‌తో మళ్లీ నడిపినప్పుడు మూడు వరుసలు 1,11,000 దగ్గర, మూడు 89,000 దగ్గర నిలిచాయి. అంత తేడాను యాదృచ్ఛికం అనడానికి వీల్లేదు. n = 2తో పరీక్షించడం కూడా నిరుపయోగమే. అక్కడ 4 దారులు 2 వరుసలకు రెండేసి చొప్పున సరిగ్గా పంచుకుంటాయి, లోపం కనిపించదు.

అదే లూప్‌ను రెండుసార్లు నడిపితే సరిపోతుంది కదా అని నాకు వెంటనే తోచింది, బహుశా మీకూ తోచవచ్చు. రెండుసార్లు నడిపితే 729 దారులు, పదిసార్లు నడిపితే 3 యొక్క 30వ ఘాతం. ఎన్నిసార్లు నడిపినా అది బేసి సంఖ్యే, 6తో భాగించబడదు. తేడా చిన్నదవుతుంది కానీ సున్నా కాదు. 52 పేకముక్కలకూ ఇదే వాదన వర్తిస్తుంది. 52! లో 17 కారణాంకంగా ఉంది, 52 ఘాతాలలో 2, 13 తప్ప మరో ప్రధాన కారణాంకం లేదు.

సరైన పద్ధతికి మూలం 1938లో ఫిషర్, యేట్స్ తమ గణాంక పట్టికల పుస్తకంలో ఇచ్చిన కాగితం-పెన్సిలు పద్ధతి. కంప్యూటర్‌కు అనువైన రూపాన్ని 1964లో డర్‌స్టెన్‌ఫెల్డ్ ప్రచురించారు.

```python
for i in range(n-1, 0, -1):
    j = random.randrange(i+1)
    a[i], a[j] = a[j], a[i]
```

ఇక్కడ చివరి స్థానానికి ఒక చీటీ ఎంపికయ్యాక దాన్ని మళ్లీ ముట్టుకోము, మిగిలినవాటిలోంచే తర్వాతి ఎంపిక. ఎంపికలు 3, ఆపై 2, మొత్తం 6 దారులు. ఒక్కో వరుసకు సరిగ్గా ఒక్కో దారే చేరుతుంది. మొదటి కోడ్ చేసిన తప్పు, స్థిరపడిన చీటీలను మళ్లీ కలబెట్టడమే. అయితే randrange నిజంగా సమానంగా ఎంచినప్పుడే ఈ హామీ నిలుస్తుందని మరవకండి.

ఈ కోడ్‌లో పరీక్షకులు ఇష్టపడే ఉచ్చు i+1 దగ్గర ఉంటుంది. randrange(i) అని మారిస్తే ఏ స్థానమూ తనతో తాను మారదు కనుక, కగచ నుంచి గచక, చకగ అనే రెండు వరుసలే వస్తాయి, మిగతా నాలుగూ ఎప్పటికీ రావు. ఇది 1986లో సాండ్రా సట్టోలో ప్రచురించిన పద్ధతి. అన్ని మూలకాలూ ఒకే చక్రంలో తిరిగే వరుసలు కావాలనుకున్నప్పుడు అదే సరైనది, షఫుల్‌గా వాడితే తప్పు. ఆప్షన్లలో రెండూ పక్కపక్కనే ఇచ్చినప్పుడు నేను ఇప్పుడు చేసే పని ఒకటే: n = 3 అనుకుని, మొదలుపెట్టిన వరుస ఉన్నదున్నట్టుగా తిరిగి రాగలదా అని చూస్తాను. రాలేకపోతే అది సట్టోలో. వస్తే దారుల సంఖ్య లెక్కిస్తాను. 27 అయితే ఆ వరుస సంభావ్యత 4/27, 6 అయితే 1/6.