అప్‌డేట్ మెయిల్‌లో పాయింట్లన్నిటినీ ఒకే కాలంలోకి తెచ్చుకున్న తీరు

మా ప్రాజెక్టులో వారం చివర మేనేజర్‌కు వెళ్లే అప్‌డేట్ మెయిల్‌ను నేనే తయారుచేస్తాను. టీమ్‌లో ఎవరి పని గురించి వాళ్లు ఒకటి రెండు పాయింట్లు రాసి పంపుతారు. వాటిని ఒకచోట పేర్చడమే నా పని. పేర్చాక మెయిల్ ఇలా తయారయ్యేది:

ఈ వారం
- లాగిన్ పేజీ టెస్టింగ్ పూర్తయింది
- పాత డేటాను కొత్త సర్వర్‌కు మార్చడం
- పేమెంట్ రిపోర్టులో తేడాను సరిచేస్తాం
- డిజైన్ ఆమోదం కోసం ఎదురుచూపు
- రోజూ రాత్రి బ్యాకప్ తీస్తాం

విడివిడిగా చూస్తే ఏ పాయింటులోనూ తప్పు లేదు. కానీ మెయిల్ వెళ్లిన కాసేపటికే మేనేజర్ ఫోన్ చేసేవారు. "డేటా మార్చేశారా, మార్చాలా?"

ఆ ప్రశ్నకు కారణం "మార్చడం" అనే మాటే. ఈ రూపం పని పేరు చెబుతుంది తప్ప ఆ పని అయిందో లేదో చెప్పదు. "ఎదురుచూపు" కూడా అంతే. "పూర్తయినవి" అని పైన శీర్షిక పెడితే సరిపోతుంది కదా అని మొదట అలాగే చేసి చూశాను. మెయిల్ చదివేటప్పుడు ఇబ్బంది లేదు. అయితే మేనేజర్ అందులోంచి రెండు మూడు పాయింట్లు కాపీ చేసి, తన పైవాళ్లకు పంపే మెయిల్‌లో పెట్టుకుంటారు. శీర్షిక మా మెయిల్‌లోనే ఉండిపోయి, "మార్చడం" ఒక్కటే అక్కడికి చేరేది. అందుకే ప్రతి పాయింటూ పూర్తి క్రియతోనే ముగియాలని నిర్ణయించుకున్నాను.

"తీస్తాం" చిక్కు ఇంకొంచెం లోతైనది. తెలుగులో ఈ రూపం అలవాటుకూ వాడతాం, రాబోయే పనికీ వాడతాం. రోజూ రాత్రి బ్యాకప్ తీస్తాం అంటే ఇప్పటికే తీస్తున్నారా, ఇకనుంచి తీస్తారా? రాసినవాళ్లకు స్పష్టంగానే ఉంటుంది, చదివేవాళ్లకు ఉండదు. అందుకని "స్తాం" రూపాన్ని వచ్చే వారం పనులకే ఉంచేశాను. అలవాటుగా జరిగే పని అయితే ఎప్పుడు మొదలైందో రాస్తాం.

ఇక అసలు మార్పు మొదలుపెట్టాను. "మార్చడం" అన్నదాన్ని "మార్చాం" చేయబోయి ఆగాల్సి వచ్చింది. నిజంగా మార్చారా? ఆ పని చూస్తున్న సహోద్యోగిని అడిగితే, కస్టమర్ల వివరాలు వెళ్లిపోయాయనీ పాత బిల్లులు ఇంకా వెళ్తున్నాయనీ చెప్పింది. అంటే ఒక పాయింటులో రెండు కాలాలు దాక్కుని ఉన్నాయి. దాన్ని రెండుగా విడగొట్టాను. బ్యాకప్ గురించి కూడా అడిగి తెలుసుకున్నాక మెయిల్ ఇలా కుదిరింది:

ఈ వారం చేసినవి
- లాగిన్ పేజీ టెస్టింగ్‌ను పూర్తి చేశాం
- కస్టమర్ల వివరాలను కొత్త సర్వర్‌కు మార్చాం
- రోజువారీ బ్యాకప్‌ను సోమవారం మొదలుపెట్టాం

ఇంకా నడుస్తున్నవి
- పాత బిల్లులను కొత్త సర్వర్‌కు మారుస్తున్నాం
- డిజైన్ ఆమోదం కోసం ఎదురుచూస్తున్నాం

వచ్చే వారం చేసేవి
- పేమెంట్ రిపోర్టులో తేడాను సరిచేస్తాం

మొదటి పాయింటును "లాగిన్ పేజీని టెస్ట్ చేశాం" అని కుదించవచ్చు, వరసలో చక్కగానే ఇముడుతుంది. కానీ టెస్ట్ చేశాం అంటే అంతా ముగిసిందని అర్థం కాదు. అందుకే "పూర్తి" అన్న మాట తీసేయలేదు.

సరిచూడటం మాత్రం చాలా తేలిక. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి, ఒక శీర్షిక కింద ఉన్న పాయింట్ల చివరి మాటలను మాత్రమే పైనుంచి కిందికి చదువుతాను. చేశాం, మార్చాం, మొదలుపెట్టాం. మధ్యలో ఒక "అయింది" గానీ "చేయాలి" గానీ వస్తే వెంటనే చెవికి తగులుతుంది. ఇలా చదివితే కర్త మారినా దొరికిపోతుంది. "క్లయింట్ డిజైన్‌ను ఆమోదించారు" అన్నది మా పనుల జాబితాలో ఒంటరిగా నిలబడుతుంది. దాన్ని "డిజైన్‌కు క్లయింట్ ఆమోదం తీసుకున్నాం" అని రాస్తే అర్థం మారకుండా వరసలో కలిసిపోతుంది.

లేదు అని చెప్పే వాక్యాల దగ్గర కొంత జాగ్రత్త కావాలి. "టెస్ట్ రిపోర్టు రాలేదు" అని చేసిన పనుల కింద రాస్తే, ఆ రోజుకు రాలేదో ఇప్పటికీ రాలేదో తెలియదు. ఇప్పటికీ రాకపోతే నడుస్తున్నవాటిలో "టెస్ట్ రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నాం" అని పెడతాను.

ఈ వరసలో ఇమడనివి కూడా ఉంటాయి. ఒక వారం సర్వర్ మధ్యలో ఆగిపోయింది. అది మేం చేసిన పని కాదు, దాన్ని "ఆం"తో ముగించాలని తిప్పలు పడితే వాక్యం వంకరపోతుంది. అలాంటివాటిని పాయింటుగా పెట్టను. జాబితాకు పైన, ఎప్పుడు ఆగిందో ఎప్పుడు తిరిగి నడిచిందో మామూలు వాక్యంగా రాసేసి, దాని గురించి మేం చేసిన పనిని మాత్రం కింద పాయింటుగా ఇస్తాను.