సబ్‌స్టేషన్‌లో ఇంటర్న్‌షిప్, రిపోర్ట్‌లో ఒక్క టెస్ట్

నాది ఈఈఈ. ఫైనల్ ఇయర్‌కి ముందు 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఇంటర్న్‌షిప్ చేశాను. సీనియర్ల రిపోర్టులు తిరగేస్తే సగం పేజీలు సంస్థ చరిత్రే, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ అంటే ఏమిటి అని టెక్స్ట్‌బుక్‌లోంచి ఎత్తి రాసిన పాఠం, చివర్లో "ఎంతో నేర్చుకున్నాను" అని ఒక ముక్క. అలా రాయబుద్ధి కాలేదు. చేసిన పనుల్లో గంట గంటకీ లాగ్‌షీట్ నింపడం, ఫీడర్ లైన్‌లో కరెంటు ఆపి పని చేసుకోమని ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, ఇచ్చే పద్ధతి చూడటం లాంటివి ఒక పేజీలో ముగించి, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ బీడీవీ, అంటే బ్రేక్‌డౌన్ వోల్టేజీ, టెస్ట్ ఒక్కదాన్నే వివరంగా రాశాను.

ఆయిల్ ఎన్ని కిలోవోల్టుల దాకా తట్టుకుంటుందో చూసే పరీక్ష అది. శాంపిల్ కింది వాల్వ్ నుంచే తీస్తారు, ఎందుకంటే నీరు, చెత్త దిగేది అక్కడికే. ముందు కొంచెం ఆయిల్ పారబోసి, అదే ఆయిల్‌తో కప్పు కడిగి, అప్పుడు నింపాలి. కప్పులోని ఎలక్ట్రోడ్ల మధ్య గ్యాప్ 2.5 మి.మీ. ఉందో లేదో గేజ్‌తో చూసుకుని, బుడగలు పోయేదాకా కదపకుండా ఉంచి, వోల్టేజీని సెకనుకు 2 కేవీ చొప్పున పెంచుతూ పోతే ఒకచోట టప్‌మని స్పార్క్ వస్తుంది, అది ఒక రీడింగ్. ఆయిల్ మెల్లగా కలిపి, కాస్త ఆగి మళ్ళీ. మాకు వచ్చినవి 34, 41, 38, 44, 42, 41. మొత్తం 240, సగటు 40 కేవీ. వాడకంలో ఉన్న ఈ స్థాయి ట్రాన్స్‌ఫార్మర్‌కి 30 కంటే తగ్గకూడదు కాబట్టి పాస్.

స్కిల్స్ దగ్గర మా గైడ్ "టీమ్‌వర్క్, కమ్యూనికేషన్ రాయమ్మా" అన్నారు. అవి రాసినా పైన వేరేవి పెట్టాను: సరిగ్గా శాంపిల్ తీయడం, సగటు కట్టడం, ట్రాన్స్‌ఫార్మర్ గాలి పీల్చుకునే బ్రీదర్‌లో తేమను పట్టే సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి మారితే అది తేమతో నిండిపోయిందని గుర్తుపట్టడం. జెల్ మార్చకుండా వదిలేస్తే ఆ తేమే ఆయిల్‌లోకి చేరి బీడీవీ పడిపోతుంది, అంటే రెండూ ఒకే కథ.

కన్‌క్లూజన్ ఐదారు లైన్లే. సగటు 40 వచ్చింది, ఆయిల్ ప్రస్తుతానికి వడపోయక్కర్లేదు, కానీ ఈ టెస్ట్ తేమ, దుమ్ము, పీచు గురించే చెబుతుంది. లోపల వైండింగ్ వేడెక్కుతోందా అన్నది తెలియాలంటే ఆయిల్‌లో కరిగిన గ్యాసుల పరీక్ష వేరే చేయించాలి, అని రాశాను.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ సంస్థ చరిత్ర జోలికే పోలేదు. "44 వచ్చింది కదమ్మా, అదే వేసుకోవచ్చుగా, ఆరెందుకు?" అన్నారు. ఒక్కోసారి ఒక పీచో బుడగో గ్యాప్‌లోకి వస్తుంది, ఒక్కోసారి రాదు సార్, అందుకే అదే ఆయిల్‌కి 34 కూడా వచ్చింది అన్నాను. తలూపి పేజీ తిప్పారు.